చెప్పిన తేదీకి తాళాలిస్తామంటే కొనేవాళ్లు ఎందుకు నమ్మాలి?

ప్రశ్న: నమస్కారం అండి. బెంగళూరులో కృష్ణరాజపురం వైపు మాది చిన్న బిల్డర్ కుటుంబం. నాన్నగారు ఇప్పటికి మూడు అపార్ట్‌మెంట్లు కట్టారు. రెండు టైముకే ఇచ్చాం, ఒకటి లేటైంది. ఇప్పుడు సొంత స్థలంలో 64 ఫ్లాట్లు మొదలుపెడుతున్నాం. బేస్‌మెంట్, పైన గ్రౌండ్ ప్లస్ ఏడు. ప్లాన్ శాంక్షన్ అయింది, తవ్వకం ఇంకా మొదలవలేదు. "టైముకి ఇచ్చే బిల్డర్" అన్న పేరే మా బ్రాండ్ కావాలని నా కోరిక. కానీ ఆ మాట అందరూ అంటున్నారు. డబ్బు కట్టకముందే కొనేవాళ్లకి దీన్ని రుజువు చేయడం ఎలా? ఏజెన్సీవాళ్లు ట్యాగ్‌లైన్లు, వీడియోలు అంటున్నారు.

సమాధానం: నాలుగేళ్లు సైట్‌లో ప్లానింగ్ ఇంజినీరుగా చేసి, తర్వాత పదహారేళ్లుగా ఇదే ఊళ్లో బిల్డర్లకి మార్కెటింగ్ చూస్తున్నాను. ట్యాగ్‌లైన్ సంగతి ఆఖర్న చూద్దాం. ముందు మీరు, నాన్నగారు కూర్చుని తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఆ తేదీని ఎప్పుడు చెప్తారు?

చాలామంది తవ్వకం మొదలవకముందే చెప్పేస్తారు. నా సలహా, పునాది పడ్డాక చెప్పండి. ఎందుకంటే బెంగళూరులో ఎవరూ ముందుగా లెక్కకట్టలేని పని భూమిలోపలే ఉంది. పైన ఎర్రమట్టి, కింద మెత్తబడిన రాయి, ఆ మధ్యలో ఎక్కడ పడితే అక్కడ గ్రానైట్ బండలు. సాయిల్ రిపోర్టు కోసం ఐదారు చోట్ల బోరు వేస్తారు. రెండు బోర్ల మధ్య లారీ అంత బండ ఉన్నా ఆ రిపోర్టులో కనిపించదు. చుట్టూ ఇళ్లుంటాయి కాబట్టి బ్లాస్టింగ్ కుదరదు, బ్రేకర్‌తో కొట్టుకుంటూ పోవాలి. ఆరు వారాలనుకున్న గుంత నాలుగు నెలలు పట్టడం నేను ఒకటికి రెండుసార్లు చూశాను. మధ్యలో వానలొస్తే గుంతలో నీళ్లు, పక్కింటి కాంపౌండ్ గోడ జారుతుందేమోనన్న టెన్షన్, పోలీసు కంప్లయింటు. ఇదంతా దాటి బేస్‌మెంట్ పైస్లాబు పడిందంటే, అక్కణ్ణుంచి మిగిలినదంతా దాదాపు లెక్కకి అందే పనే.

చట్టం కూడా దీనికి అడ్డు రాదు. రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, అంటే రెరా, 3వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు, అమ్మకూడదు. అయితే శాంక్షన్, కమెన్స్‌మెంట్ సర్టిఫికెట్ ఉంటే సొంత డబ్బుతో పని మొదలుపెట్టడానికి ఆ సెక్షన్ అడ్డు కాదు. కాబట్టి గుంత తవ్వి, పునాది వేసి, బేస్‌మెంట్ పైస్లాబు దాకా వచ్చాక రెరాకి వెళ్లండి. అప్పుడు మీరు అక్కడ రాసే పూర్తి తేదీ నిజమైన తేదీ అవుతుంది. ఈలోపు మాత్రం నోరు గట్టిగా కట్టుకోవాలి. హోర్డింగ్ వద్దు, బ్రోకర్ల గ్రూపుల్లో ఫార్వర్డ్ వద్దు, "ఆసక్తి ఉంటే లక్ష చెక్కు ఇచ్చి పెట్టుకోండి" అనడం అసలే వద్దు. రిజిస్ట్రేషన్ లేకుండా ఇవి చేస్తే ప్రాజెక్టు అంచనా వ్యయంలో 10 శాతం వరకు జరిమానా పడొచ్చు.

దీనికి ఖర్చుంది, దాచను. మీ సైజు బిల్డింగుకి తవ్వకం, పునాది, బేస్‌మెంట్ కలిపి 4 కోట్లు అనుకుందాం. బుకింగ్ డబ్బు లేకుండా అది మీరే పెట్టుకోవాలి. 13 శాతానికి అప్పు తెచ్చి, మొత్తం మొదటి రోజే వాడేశారని అనుకున్నా, ఎనిమిది నెలలకి వడ్డీ సుమారు 35 లక్షలు. 64 ఫ్లాట్ల మీద వేస్తే ఒక్కోదానికి 54 వేలు. ఏజెన్సీవాళ్లు లాంచ్‌కి ఇచ్చిన కొటేషన్ పక్కన ఈ అంకె పెట్టి చూడండి. వాళ్లడిగే డబ్బుతో వచ్చేది వీడియో. దీనితో మీకొచ్చేది కొనేవాడిని తీసుకెళ్లి చూపించగల స్లాబు, "భూమిలో ఉన్న రిస్కు మేం తీసుకున్నాం, అది అయిపోయాకే మీ దగ్గరికి వచ్చాం" అని చెప్పుకునే హక్కు. ఈ మాట మీ చుట్టుపక్కల వేరే బిల్డరు చెప్పడం కష్టం, ఎందుకంటే చాలామంది బుకింగ్ డబ్బుతోనే గుంత తవ్వుతారు.

రెండో విషయం, "ఇవ్వడం" అంటే ఏమిటి. 2014లో వైట్‌ఫీల్డ్ వైపు ఒక ప్రాజెక్టుకి నేనే "చెప్పిన రోజే తాళాలు" అని లైను రాసిచ్చాను. బిల్డరు నిజంగానే చెప్పిన రోజు తాళాలిచ్చాడు. కొబ్బరికాయలు, ఫోటోలు, స్వీట్లు అన్నీ అయ్యాయి. అయితే బిల్డింగులో కాపురం ఉండొచ్చని అధికారులిచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అదే ఓసీ, రాలేదు. కరెంటు జనరేటర్ మీద, నీళ్లు ట్యాంకర్ మీద. ఓసీ వచ్చేసరికి ఇంకో ఏడాదిన్నర పట్టింది. ఈలోపు చేరిన కుటుంబాలు ఒక్కోటి నెలకి డీజిల్ పద్దు కట్టుకుంటూ, మా హోర్డింగ్ ఫోటోనే వాళ్ల వాట్సాప్ గ్రూపుకి డీపీగా పెట్టుకున్నాయి. అదే బిల్డరు తర్వాతి ప్రాజెక్టుకి వచ్చిన ప్రతివాళ్లకీ ఆ ఫోటో ఎవరో ఒకరు పంపేవారు. నేను రాసిన మాట నిజమే అయినా వాళ్లు మోసపోయారు. ఆ రోజు నుంచి తాళం గురించి ఎక్కడా రాయలేదు.

కాబట్టి మీ తేదీకి అర్థం కాగితం మీద పెట్టండి: ఆ తేదీకి ఓసీ చేతిలో ఉంటుంది, బెస్కాం కరెంటు, నీళ్ల ఏర్పాటు, లిఫ్టు, మురుగునీటిని శుద్ధిచేసే ఎస్‌టీపీ నడుస్తుంటాయి, సేల్ డీడ్ రిజిస్టర్ చేసుకోవచ్చు. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఓసీ చూశాకే కరెంటు, నీళ్ల కనెక్షన్లు ఇవ్వాలని ఆదేశించాక ఈ ఊళ్లో కొనేవాళ్లు ఓసీ అన్న మాటని ఇదివరకటి కంటే చాలా గట్టిగా పట్టుకుంటున్నారు. ఆస్తిపన్ను రికార్డులో ఒక్కో ఫ్లాటుకి విడిగా ఖాతా చేసే ఖాతా విభజన ఓసీ తర్వాత జరిగే పని, అది మీ చేతిలో పూర్తిగా లేదు. దాన్ని తేదీలో కలపకండి, వేరే అని ముందే చెప్పండి.

తేదీ ఒక్కటే ఉండాలి. మామూలుగా జరిగేదేమిటంటే, బ్రోషర్‌లో ఒక డిసెంబరు, అగ్రిమెంటులో ఆ డిసెంబరు ప్లస్ ఆరు నెలల గ్రేస్ పీరియడ్, రెరా వెబ్‌సైట్‌లో దానికి ఇంకో ఏడాది తర్వాతి తేదీ. కొనడానికి వచ్చే కుర్రాడు ఐటీ ఉద్యోగి. మీ సేల్స్ ఆఫీసు సోఫాలో కూర్చునే rera.karnataka.gov.in తెరిచి చూస్తాడు. ఆ తేడా కనిపించిన క్షణమే మీ బ్రాండ్ అయిపోయింది. హోర్డింగ్, అగ్రిమెంటు, రెరా, బ్యాంకు ఫైలు, అన్నిట్లో ఒకటే తేదీ పెట్టండి. గ్రేస్ పీరియడ్ తీసేయండి. మీకు కావాల్సిన అదనపు సమయం ఆ తేదీ లోపలే ఉండాలి.

ఆ అదనం ఎక్కడ పెట్టాలన్నది అనుభవం మీద తెలిసే విషయం. అందరూ స్లాబుల దగ్గర పెడతారు. మీ తొమ్మిది స్లాబులూ మామూలు షట్టరింగుతో ఒక్కోటి 18 రోజుల చొప్పున వేసుకుంటే, వానలు కలుపుకుని ఏడు నెలల్లో పైకి వెళ్లిపోతారు. స్లాబు లేటవడం అరుదు, ఎందుకంటే స్లాబు పడితేనే కొనేవాళ్లకి వాయిదా కట్టమని డిమాండ్ నోట్ పంపగలరు. ప్రాజెక్టు నిలబడిపోయేది ఆఖరి 15 శాతంలో. టైల్స్ మేస్త్రీలు పండక్కి ఊరెళ్లి నెలదాకా రారు. లిఫ్టు ఆర్డర్ చేశాక సరుకు రావడానికే నాలుగైదు నెలలు, బిగించాక ఇన్‌స్పెక్షన్ వేరే. ట్రాన్స్‌ఫార్మర్, ఎస్‌టీపీకి కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, మీ ఎత్తుకి అగ్నిమాపక శాఖ క్లియరెన్స్, ఇవన్నీ వచ్చాకే ఓసీ. మీ లెక్క నేను వేస్తే, బేస్‌మెంట్ పైస్లాబు పడ్డ దగ్గర్నుంచి పని 20 నెలలు, ఓసీకి 4 నెలలు, మొత్తం 24. బయటికి 28 చెప్తాను. ఆ నాలుగు నెలల అదనం మొత్తం ఫినిషింగుకి, ఓసీకి. స్లాబులకి ఒక్క రోజు కూడా ఇవ్వను.

ఇందులోంచే మీకు పనికొచ్చే రుజువు ఒకటి పుడుతుంది. కొనేవాళ్లకి అందరూ స్లాబు ఫోటోలు చూపిస్తారు. టైముకి ఇస్తారా లేదా అన్నదానికి స్లాబు ఫోటో దాదాపు ఏమీ చెప్పదు. మీరు కాగితాలు చూపించండి. ఐదో స్లాబు నాటికే లిఫ్టు ఆర్డర్ ఇచ్చి అడ్వాన్స్ కట్టిన రసీదు, బెస్కాంకి పెట్టిన దరఖాస్తు, ఎస్‌టీపీ కాంట్రాక్టు, వీటి కాపీలు సైట్ ఆఫీసు టేబుల్ మీద ఒక ఫైల్లో పెట్టండి. పక్కనే కొనేవాళ్ల డబ్బు ఉంచే రెరా ఖాతాలోంచి డబ్బు తీసినప్పుడల్లా ఇంజినీరు, ఆర్కిటెక్టు, సీఏ ఇచ్చే మూడు సర్టిఫికెట్లు పెట్టండి. అలా ఫైలు తిరగేసిన మనిషి మళ్లీ ఫోన్ చేయకుండా పోవడం నేను తక్కువ చూశాను.

తేదీని నెలలో ఎక్కడ పెట్టాలో కూడా చూడండి. మీ దగ్గర కొనేవాళ్లలో మనవాళ్లే ఎక్కువ ఉంటారు, కర్నూలు, అనంతపురం, నెల్లూరు నుంచి వచ్చి మారతహళ్లిలో అద్దెకుంటున్నవాళ్లు. జూలైలో ఇస్తే ఆషాఢం, గృహప్రవేశం చేయరు. జనవరిలో ఇస్తే పుష్యం. మీ లెక్కలో టైముకే ఇచ్చినట్టు, వాళ్ల లెక్కలో ఇంకో నెల అద్దె, ఇంకో నెల ఈఎంఐ రెండూ. పైగా పిల్లల స్కూలు మే ఆఖర్లోనో జూన్‌లోనో తెరుస్తారు. 28 నెలల లెక్క ఎక్కడ పడ్డా, మార్చి ఆఖరికి అటో ఇటో జరపగలిగితే జరపండి. చైత్రం, వైశాఖం ముహూర్తాలు దొరుకుతాయి, స్కూలు మారడానికి టైముంటుంది. మీ సేల్స్ కుర్రాడు ఈ ఒక్క సంగతి పెద్దవాళ్ల ముందు చెప్పినప్పుడు వాళ్ల మొహాలు చూడండి. ఈ బిల్డరు మన ఇంటి సంగతి ఆలోచించాడని అప్పుడు అనిపిస్తుంది.

ఇక లేటైన ఆ ప్రాజెక్టు. దాన్ని దాచాలని మీకు ఎవరైనా చెబితే వినకండి. దాచలేరు కూడా. రెరా రిజిస్ట్రేషన్‌కే గత ఐదేళ్లలో మొదలుపెట్టిన ప్రాజెక్టులు, వాటి స్థితి, ఆలస్యం, నడుస్తున్న కేసులు చెప్పాలి. ఒక పేజీ తయారు చేయండి. మూడు ప్రాజెక్టులకీ అగ్రిమెంటులో ఉన్న తేదీ, ఓసీ మీద ఉన్న తేదీ, తేడా ఎన్ని రోజులు. ఉన్నవాటికి రెరా నంబరు, అన్నిటికీ ఓసీ కాపీ. లేటైనదాని కింద కారణం రెండు వాక్యాల్లో.

ఆ కారణం రాయడం కష్టమైన పని. నా క్లయింటు ఒకాయనకి కూడా ఇలాగే ఒకటి తొమ్మిది నెలలు లేటైంది, కోవిడ్ సమయంలో. సేల్స్‌వాళ్లు అడిగినవాళ్లందరికీ "కోవిడ్ అండి" అనేవారు. ఒకరోజు కర్నూలు దంపతులు వచ్చారు. భర్త కార్పెట్ ఏరియా లెక్కల్లో ఉన్నాడు. ఆవిడ అంతా విని, "కోవిడ్‌కి రెరావాళ్లే ఆరు నెలలు ఇచ్చారు కదండీ, మిగతా మూడు నెలలు ఎవరివి?" అని అడిగారు. గదిలో ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆ సాయంత్రం మేం పేజీ మార్చాం: "మొత్తం ఆలస్యం 9 నెలలు. 6 నెలలు కోవిడ్. 3 నెలలు మా తప్పు, లిఫ్టు ఆర్డర్ ఆలస్యంగా ఇచ్చాం. ఇప్పుడు ఐదో స్లాబుకే ఆర్డర్ ఇస్తున్నాం." ఆ పేజీ చూపించడం మొదలుపెట్టాక అదే ప్రశ్న అడిగి లేచిపోయినవాళ్లు నాకు గుర్తు లేరు. మీ ఆలస్యంలో మీ భాగం ఎంతో నాన్నగారిని అడిగి తేల్చండి. ఆ సంభాషణ ఇంట్లో ఇబ్బందిగానే ఉంటుంది, అయినా చేయండి. ఆ పేజీతో పాటు పాత మూడు బిల్డింగుల అసోసియేషన్ల అనుమతి తీసుకుని, కొనేవాళ్లని అక్కడికే పంపండి. మీ మనిషి వెంట వెళ్లకూడదు.

ఇప్పుడు అన్నిటికంటే బరువైన రుజువు, తేదీ తప్పితే మీకు ఏమవుతుందన్నది. ఆలస్యమైతే ప్రతి నెలా వడ్డీ కట్టాలని రెరా 18వ సెక్షన్‌లో ఇప్పటికే ఉంది. కర్ణాటకలో అది ఎస్‌బీఐ అప్పులకి పెట్టుకునే కనీస వడ్డీ రేటు, ఎంసీఎల్ఆర్‌లో, అత్యధికమైనదానికి 2 శాతం కలిపి. అంటే ఆ బాధ్యత మీ నెత్తిన ఎలాగూ ఉంది. కొనేవాడు దాన్ని ఎందుకు లెక్కలోకి తీసుకోడంటే, అది రావాలంటే కేసు వేయాలి, తిరగాలి, ఆర్డర్ వచ్చాక వసూలు కోసం మళ్లీ తిరగాలని వాడికి తెలుసు. మీరు చేయాల్సింది ఆ తిరుగుడు తీసేయడం. అడగకుండానే, మరుసటి నెల మొదటి వారంలో, వాళ్ల ఖాతాలో పడుతుందని అగ్రిమెంటులో రాయండి.

లెక్క చూద్దాం. ఫ్లాటు సగటున 1.10 కోట్లు, ఆఖరి 10 శాతం ఓసీ తర్వాతే తీసుకుంటారనుకుందాం. అప్పటికి ఒక్కొక్కరు కట్టింది 99 లక్షలు. వడ్డీ 11 శాతం అనుకుంటే నెలకి సుమారు 90,750. అన్నీ అమ్ముడైతే 64 ఫ్లాట్లకి నెలకి 58 లక్షలు. మూడు నెలలకి 1 కోటి 74 లక్షలు. ఈ డబ్బు ఆఖరి ఏడాదికి బ్యాంకు ఎస్క్రోలో విడిగా పెట్టండి. షరతులు లాయరు చేత రాయించండి: ఫలానా తేదీకి ఓసీ కాపీ అందకపోతే బ్యాంకు తనంతట తనే చెల్లిస్తుంది, మీ సంతకం అక్కర్లేదు. డిపాజిట్ మీద వచ్చే వడ్డీకీ మీరు కట్టే అప్పు వడ్డీకీ తేడా 6 శాతం అనుకుంటే, ఏడాదికి మీకు నిజంగా అయ్యే ఖర్చు 10 లక్షల పైచిలుకు. టైముకి ఇస్తే అసలు మొత్తం మీ దగ్గరికే వస్తుంది. మూడు నెలలు దాటితే చట్టం ప్రకారం మిగతాది ఎలాగూ కట్టాలి. ఆ ఎస్క్రో అంతటితో మీ బాధ్యత తీరిపోయినట్టు రాయకండి, రాసినా నిలబడదు.

అదే అగ్రిమెంటులో కొనేవాళ్ల లాయర్లు మొదట వెతికేది, చేయిదాటిన కారణాలకి ఆలస్యాన్ని మినహాయించే ఫోర్స్ మజూర్ క్లాజు. "ప్రమోటర్ అదుపులో లేని ఏ కారణమైనా" అని ఉంటే పైన రాసిన హామీలన్నీ దాంట్లోంచి జారిపోతాయి. యుద్ధం, వరద, కరువు, అగ్నిప్రమాదం, తుపాను, భూకంపం లాంటి ప్రకృతి వైపరీత్యం అని చట్టంలో ఉన్న జాబితా వరకే ఉంచండి. లేబర్ కొరత, సరుకు కొరత, అనుమతుల ఆలస్యం తీసేయండి. నీళ్లు కూడా. 2024 మార్చిలో బెంగళూరులో కావేరీ నీళ్లు నిర్మాణానికి వాడొద్దన్నప్పుడు చాలా సైట్లు ఆగాయి. శుద్ధి చేసిన నీళ్లకి ముందే ఏర్పాటు చేసుకున్నవాళ్ల పని ఆగలేదు. ఎండాకాలం వస్తుందని తెలిసి కూడా ఏర్పాటు లేకపోతే అది మీ లెక్కలోదే.

బుకింగులు మొదలయ్యాక సైట్ గేటు దగ్గర ఒక బోర్డు పెట్టండి. ప్రతి పనికీ అనుకున్న తేదీ, అయిన తేదీ. వాన వల్ల మూడో స్లాబు ఎనిమిది రోజులు లేటైతే ఎర్ర ఇంకుతో అలాగే ఉంచండి. అన్నీ పచ్చగా ఉన్న బోర్డుని ఎవరూ నమ్మరు. ఎర్ర గీత ఉండి, దాని కింద ఏ పనిలో ఆ రోజులు రాబట్టారో రాసి ఉంటే నమ్ముతారు. రెరాకి మూడు నెలలకోసారి ఇచ్చే అప్‌డేట్‌లో ఈ తేదీలే ఉండాలి. రెండూ తేడాగా ఉంటే బోర్డు లేకపోవడమే నయం.

ఇదంతా పని చేయని చోటు ఒకటుంది. ఈ ప్రాజెక్టు డబ్బు తీసి ఇంకో స్థలానికి అడ్వాన్స్ ఇచ్చే అలవాటు ఇంట్లో ఉంటే మొదలుపెట్టకండి. రెరా ప్రకారం వచ్చినదాంట్లో 70 శాతం ప్రత్యేక ఖాతాలోనే ఉండాలి, సరే. కానీ ఫినిషింగు సమయంలో మిగతా 30 శాతం కూడా అవసరమవుతుంది, సరిగ్గా అప్పుడే చాలామంది దగ్గర అది ఉండదు. అలాగే, చదరపు అడుగుకి 200 తక్కువకి ఎక్కడ దొరికితే అక్కడ కొనేవాళ్లు మీ దగ్గరికి రారు. అద్దె, ఈఎంఐ రెండూ కట్టి ఒకసారి కాలినవాళ్లు, వాళ్ల అన్నదమ్ములు, కొలీగ్స్ వస్తారు. మొదటి మూడు నెలలు బుకింగులు నెమ్మదిగా ఉంటాయి, అప్పుడు కంగారుపడి రేటు తగ్గించకండి.

ట్యాగ్‌లైన్ గురించి అడిగారు. హోర్డింగ్ మీద రెరా నంబరు, వెబ్‌సైటు చిరునామా ఎలాగూ వేయాలి. వాటి పైన పెద్ద అక్షరాల్లో రోజు, నెల, సంవత్సరంతో తేదీ వేసి, "ఆ రోజుకి ఓసీ. లేకపోతే మరుసటి నెల నుంచి మీ ఖాతాలో వడ్డీ" అని రాయండి. ప్రకటనలో తప్పు చెబితే 12వ సెక్షన్ కింద నష్టపరిహారం కట్టాల్సి వస్తుంది కాబట్టి, అచ్చుకి పంపేముందు ఆ లైను అగ్రిమెంటు రాసిన లాయరుకే చూపించండి, ఏజెన్సీకి తర్వాత ఇవ్వండి.